చివరి దీపం వెలుగుతోంది సరే, ఫ్యూజు చూపు ఎంతదాకా?

పండుగకు పొడవాటి మేడ ముందు సీరియల్ సెట్లు ఒకదానికొకటి తగిలించేటప్పుడు ‘ఎన్ని?’ అని అడుగుతాం. ‘కరెంటు ఎక్కడి నుంచి ఎక్కుతోంది?’ అన్నది అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

సీరియల్ సెట్టు కొంటే దాని చివర ఇంకో సెట్టు తగిలించుకునే పిన్ను ఉంటుంది. తగిలించే వీలుంది గనక ఎన్నయినా తగిలించవచ్చని ఆ పిన్నే అనుమతి ఇచ్చినట్టు అనిపిస్తుంది. భువనగిరిలో వినాయక చవితికి మండపాలు మొదలయ్యాయంటే బతుకమ్మ తొమ్మిది రోజులు, దసరా, దీపావళి దాటేదాకా మేడలకు ఈ తోరణాలు దిగవు. ఫాల్గుణంలో యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవాలకు గుట్ట దారంతా మళ్లీ వెలుగుతుంది. మధ్యలో పెళ్లి ముహూర్తాలు ఉండనే ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీది ఫంక్షన్ హాలు గానీ, వరసగా పది షట్టర్లున్న కాంప్లెక్సు గానీ ఈ చివర నుంచి ఆ చివరకు 60 మీటర్లు ఉండడం వింతేమీ కాదు. అంత పొడవునా లైటింగు కట్టాక అది సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి అందరూ చూసేవి రెండే. చివరి సెట్టు వెలుగుతోందా, ఫ్యూజు కొట్టకుండా నిలిచిందా? రెండూ అవునంటే పని అయిపోయినట్టే.

ఆ రెండు పరీక్షలూ చాలవని, చాలాసార్లు తప్పుదారి పట్టిస్తాయని చెప్పడమే ఈ కథనం ఉద్దేశం. చివర్లో వోల్టేజి పడిపోవడం ఒక సమస్య, ఫ్యూజు కొట్టడం ఇంకో సమస్య అని విడివిడిగా అనుకుంటాం. నిజానికి రెండింటినీ శాసించేది ఒకటే: వెళ్లే తీగ, తిరిగి వచ్చే తీగ కలిపి కరెంటుకు చూపే నిరోధం. తీగ సన్నబడినా పొడుగైనా ఆ నిరోధం పెరుగుతుంది. అది పెరిగితే చివర వెలుగు తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, చివర్లో షార్ట్ అయినప్పుడు ఫ్యూజును కొట్టించగలిగేంత కరెంటు పారదు. అంటే తోరణం పొడవు పెరిగే కొద్దీ ఫ్యూజుకు చూపు తగ్గుతుంది. ఎల్‌ఈడీలు వచ్చాక ఈ రెండో ప్రమాదం పైకి కనపడకుండా పోయింది. అందుకే దీన్ని లెక్క కట్టి చూడాలి.

60 మీటర్ల పిట్టగోడ లెక్క

ఒక మామూలు పనినే తీసుకుందాం. 60 మీటర్ల పిట్టగోడ వెంట అడ్డంగా ఒక సన్నటి జంట తీగ పరిచి, మీటరుకొక జాయింటు చొప్పున 60 ఎల్‌ఈడీ సెట్లను కిందికి వదిలారు. సెట్టుకు 8 వాట్లు. అడ్డంగా పరిచిన తీగ కూడా సెట్లలో ఉండే రకమే, రాగి 0.2 స్క్వేర్ ఎంఎం. అది చవక, పైగా గోడ మీద కనపడదు. కరెంటు ఒక కొసన ఉన్న సాకెట్టు నుంచి ఎక్కుతుంది. మొత్తం 480 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే 2 ఆంపియర్లు దాటుతుంది. కానీ చవక ఎల్‌ఈడీ సెట్ల పవర్ ఫ్యాక్టర్ తక్కువ, 0.5 దగ్గర ఉండడం మామూలే. అలాంటి సెట్టు తినే వాట్లు కొన్నే అయినా తీగలో పారే ఆంపియర్లు వాటికి రెట్టింపు. కాబట్టి తీగ మొదట్లో పారేది సుమారు 4.2 ఆంపియర్లు. డబ్బా మీది వాట్లను కూడుకున్నవారికి ఈ రెట్టింపు తెలియదు. తీగకు టాంగ్ టెస్టర్ తగిలిస్తేనే తెలుస్తుంది.

0.2 స్క్వేర్ ఎంఎం రాగి జంట తీగకు రానుపోను నిరోధం మీటరుకు 0.18 ఓములు ఉంటుంది. 60 మీటర్లకు 10.8 ఓములు. 4.2 ఆంపియర్లూ చివరిదాకా వెళ్తే 45 వోల్టులు మింగేసేది. కానీ దారిలో మీటరుకొక సెట్టు తన వాటా తీసుకుంటూ పోతుంది గనక ముందుకు వెళ్లే కొద్దీ తీగలో కరెంటు తగ్గిపోతుంది. లోడు ఇలా సమానంగా పరుచుకున్నప్పుడు పడిపోయే వోల్టేజి అందులో సగం, అంటే దాదాపు 23 వోల్టులు. కాలువ కింద సాగులో మొదటి మళ్లకు పారిన తర్వాతే చివరి మడికి నీళ్లు అందినట్టు, ఇక్కడా చివరి సెట్టుకు మిగిలిందే దక్కుతుంది: 207 వోల్టులు. ఇది కూడా సాకెట్టు దగ్గర సరిగ్గా 230 ఉంటేనే. లో టెన్షన్ సరఫరాలో 6 శాతం హెచ్చుతగ్గులకు నిబంధనలే ఒప్పుకుంటాయి. సాయంత్రం లోడు పెరిగి సాకెట్టు దగ్గరే 216 ఉంటే చివర మిగిలేది 193. దీపాల సర్క్యూట్లో 3 శాతానికి, అంటే 7 వోల్టులకు మించి పడిపోకూడదని వైరింగు ప్రమాణాలు చెబుతాయి. మనది 10 శాతం.

పాత గాజు బల్బుల కాలమైతే ఈ 10 శాతం దాగేది కాదు. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజి కంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా తగ్గి, బల్బు ఎర్రబారుతుంది. రోడ్డు మీద నిలబడ్డవాళ్లు కూడా ‘అటు చివర డల్లుగా ఉంది’ అని చెప్పేవారు. లైటింగు కట్టినవాళ్లు రెండో కొసకు ఇంకో వైరు లాగేవారు. ఎల్‌ఈడీ సెట్లో వెలుగు తగ్గినా రంగు మారదు. 60 మీటర్ల పొడవునా మెల్లమెల్లగా తగ్గే వెలుగును కన్ను పట్టుకోలేదు. లోపల మంచి డ్రైవరు ఉన్న సెట్టయితే వోల్టేజి తగ్గినప్పుడు ఇంకాస్త ఎక్కువ కరెంటు లాగి వెలుగును అంతే నిలబెడుతుంది. చూపరికి లోటు కనపడదు, భారం మాత్రం తీగ మీద పెరుగుతుంది. అందుకే చివరి దీపం వెలుగుతోందన్న మాటను ఇప్పుడు సాక్ష్యంగా తీసుకోలేం.

12 వోల్టుల పిక్సెల్ లైట్లలో మాత్రం ఈ లోటు ఇప్పటికీ బయటపడుతుంది. అవే 8 వాట్లు 12 వోల్టుల మీద రావాలంటే 19 రెట్లు ఎక్కువ ఆంపియర్లు కావాలి. అదే తీగ మీద శాతం లెక్కన వోల్టేజి 360 రెట్లకు పైగా పడిపోతుంది. నీలం ఎల్‌ఈడీకి 3 వోల్టుల దాకా కావాలి, ఎరుపుకు 2 చాలు. కాబట్టి చివర్లో ముందు నీలం చచ్చి, తెలుపు కాస్తా పసుపుగా, తర్వాత నారింజగా మారుతుంది. పిక్సెల్ లైట్లు కట్టేవాళ్లు కొన్ని మీటర్లకొకసారి పవర్ సప్లయి నుంచి కొత్తగా వైరు లాగి కలుపుతారు. వాళ్లకు రంగే ఆ పని నేర్పింది. 230 వోల్టుల సెట్లలో అలా నేర్పే రంగు లేదు.

ఎక్కడ కాలుతుంది, ఎక్కడ చూస్తాం

వోల్టేజి తక్కువయ్యేది చివర. అందరి చూపూ అటే ఉంటుంది. తీగ వేడెక్కేది మాత్రం మొదట్లో. 60 సెట్ల కరెంటూ మోసేది ఆ మొదటి మీటరే. 4.2 ఆంపియర్లకు ఆ ఒక్క మీటరు జంట తీగలో 3.2 వాట్ల వేడి పుడుతుంది. గాలికి వేలాడుతుంటే ఆ వేడి పోతుంది. మిగిలిన తీగను చుట్ట చుట్టి సాకెట్టు పక్కన పడేసినా, మండపం గుడ్డ కిందనో పూల దండల కిందనో కప్పేసినా పోదు, పోగవుతుంది. అంతకంటే గడ్డు చోటు మొదటి పిన్ను. వదులైన పిన్నులోనో, మెలితిప్పి టేపు చుట్టిన జాయింటులోనో అర ఓము నిరోధం ఉందనుకోండి. అదే 4.2 ఆంపియర్లకు బొటనవేలంత ప్లాస్టిక్కులో దాదాపు 9 వాట్ల వేడి ఆగకుండా పుడుతుంది. ముందు పిన్ను చుట్టూ గోధుమ రంగు మచ్చ వస్తుంది, తర్వాత ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పిన్ను ఇంకా వదులవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. ముట్టుకుంటే తోరణమంతా ఒక్కసారి మినుకుమనడం, కాలిన ప్లాస్టిక్ వాసన రావడం దీని గుర్తులు. లైటింగు వేసిన గంట తర్వాత మెయిన్ ఆపి మొదటి రెండు జాయింట్లను చేత్తో తడిమి చూడడం, చివరి సెట్టును తేరిపార చూడడం కంటే ఎక్కువ చెబుతుంది.

ఇంత జరుగుతున్నా ఫ్యూజు పలకదు. అది దాని లోపం కాదు. బోర్డులోని ఫ్యూజు గానీ ఎంసీబీ గానీ అక్కడ పెట్టింది గోడలోని వైరును కాపాడడానికి. 6 ఆంపియర్ల ఎంసీబీకి 4.2 మామూలు లోడే. ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి 16 ఆంపియర్ల పవర్ సాకెట్టులో పెట్టినవారి సంగతి సరేసరి. గోడలోని 2.5 స్క్వేర్ ఎంఎం వైరుకు సరిపడే కాపలా, బయట వేలాడే 0.2 స్క్వేర్ ఎంఎం తీగకు కాపలా కాదు.

చివర్లో షార్ట్ అయితే

ఇప్పుడు అసలు పరీక్ష. చివరి మీటరులో ఎలుక కొరికిందో, మేకు దిగిందో, వానకు టేపు ఊడి రెండు తీగలూ తగులుకున్నాయో. షార్టంటే వందల ఆంపియర్లు పారి ఫ్యూజు ఠప్పున కొట్టేస్తుందని మన నమ్మకం. లెక్క చూడండి. దారిలో 10.8 ఓముల తీగ ఉంది. 230ని 10.8తో భాగిస్తే 21 ఆంపియర్లు. తోరణం చివర పూర్తి షార్ట్ అయినా పారేది అంతే. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఇది 1.3 రెట్లు. ప్రమాణం ప్రకారం ఎంసీబీ గంటలోపు పడిపోవాల్సింది 1.45 రెట్ల దగ్గర. అంతకు తక్కువైతే నిలబడి ఉన్నా తప్పు పట్టలేం. వేడెక్కే కొద్దీ రాగి నిరోధం పెరుగుతుంది గనక ఆ 21 కూడా ఇంకా తగ్గుతుంది. ఈలోగా 0.2 స్క్వేర్ ఎంఎం తీగ మీద ఉన్న పీవీసీ, ఆ కరెంటుకు కొద్ది సెకన్లలోనే 160 డిగ్రీలు దాటి కరిగిపోతుంది. ఎంసీబీ ఇంకా ఆన్‌లోనే ఉంటుంది. తీగ మండేది దాని కళ్లెదుటే.

6 ఆంపియర్ల ఎంసీబీ అయితే? ఇళ్లలో మామూలుగా ఉండే సీ టైపు ఎంసీబీ వెంటనే పడాలంటే దాని మీది అంకెకు 5 నుంచి 10 రెట్ల కరెంటు కావాలి. తప్పకుండా పడుతుందని చెప్పాలంటే 10 రెట్లు, అంటే 60 ఆంపియర్లు. 21 దానికి చాలదు. లోపలి వేడి పట్టీ వంగి పడేదాకా కొన్ని సెకన్లు ఆగాలి, తీగకు ఉన్న వ్యవధి కూడా అంతే. ఎవరు ముందన్నది పందెం. పాత కిట్‌క్యాట్ కటౌటులో 5 ఆంపియర్ల సన్నటి ఫ్యూజు వైరు ఉంటే అది 21 ఆంపియర్లకు త్వరగానే కరుగుతుంది. ఈ ఒక్క విషయంలో తాతల నాటి కటౌటు కొత్త ఎంసీబీ కంటే నయం. కానీ అది మాటిమాటికీ పోతోందని 15 ఆంపియర్ల వైరు కట్టారో, ఫ్లెక్సిబుల్ వైరు నుంచి నాలుగు పోగులు లాగి చుట్టారో, ఆ మేలు అక్కడితో సరి. తీగ ఫ్యూజు దాని మీది అంకెకు దాదాపు రెట్టింపు కరెంటు దగ్గర గానీ కరగదు. 15 ఆంపియర్ల వైరును 21 ఆంపియర్లు ఏమీ చేయలేవు.

వీధి స్తంభానికి కొక్కెం తగిలించి మండపానికి లైన్ లాగినప్పుడు ఇదే లెక్క ఘోరమవుతుంది. ఆ దారిలో ఇంటి ఫ్యూజు లేదు, ఎంసీబీ లేదు. మిగిలిన కాపలా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరిదే. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడుకు ఫేజుకు 139 ఆంపియర్లు ఇస్తుంది, అక్కడి ఫ్యూజు ఆ స్థాయికే ఉంటుంది. మండపం చివర మండుతున్న తీగలోని 21 ఆంపియర్లు దానికి ఒక వీధిలోని ఇళ్ల లోడు లాంటివే. స్తంభం నుంచి దొంగతనంగా లాగడం తప్పన్నది చట్టం మాట. ఆ లైనుకు కాపలాయే లేదన్నది లెక్క చెప్పే మాట. రెండోది ఎక్కువ భయపెట్టాలి.

‘అయినా అంత అవసరమా?’

ఎల్‌ఈడీలు కరెంటే తినవు కదా అన్నది మొదటి అభ్యంతరం. ఒక్కో సెట్టు విషయంలో అది నిజమే, అందులో వాదన లేదు. ఆరు సెట్లు వరసగా కలిపితే 48 వాట్లు, అర ఆంపియరుకు లోపే. వోల్టేజి పడేది 2 వోల్టుల చిల్లర. అక్కడ వెలుగు గురించి బెంగ అక్కర్లేదు. కానీ లోడు తక్కువన్న మాట షార్టుకు వర్తించదు. చివర రెండు తీగలు తగులుకుంటే ఎంత పారాలో నిర్ణయించేది తీగ పొడవూ సన్నదనమూ మాత్రమే, దీపాల వాట్లు కావు. ఒక్క వాటు దీపమే వేలాడుతున్నా 60 మీటర్ల ఆ తీగ చివర షార్టుకు పారేది 21 ఆంపియర్లే. పైగా ఎల్‌ఈడీలు తక్కువ తింటాయి గనకే ఒకదాని వెనక ఒకటి తగిలించుకుంటూ పోతున్నాం. గాజు బల్బులైతే వెలుగు తగ్గి ఎక్కడో ఒకచోట ఆగమనేవి. ఎల్‌ఈడీలు ఆగమనవు.

రెండో అభ్యంతరం, ఇది నాలుగు రోజుల పండుగ, శాశ్వత వైరింగు కాదు కదా అని. ఇన్సులేషన్ ముసలిదై పాడయ్యే ప్రమాదమైతే ఈ మాట చెల్లుతుంది. మనం లెక్క కట్టింది సెకన్లలో కాలే తీగ గురించి, గంటల్లో మెత్తబడే పిన్ను గురించి. దానికి మొదటి రాత్రే చాలు. అసలు తాత్కాలికమైన వైరింగుకే ఎక్కువ కాపలా కావాలి. అది గోడలో పైపులో లేదు, ఎండకూ వానకూ పిల్లల చేతులకూ అందేలా వేలాడుతోంది.

మూడోది కొంచెం గట్టి అభ్యంతరం. చిన్న ఫ్యూజు పెడితే లైట్లు వేసిన ప్రతిసారీ కొడుతుందని, పండుగ పూట చీకటి అవుతుందని. స్విచ్ వేసిన క్షణంలో ఎల్‌ఈడీ సెట్లలోని కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి, అది నిజం. అరవై సెట్లూ ఒకే ఫ్యూజు కింద ఉంటే ఆ పోటుకు అది పోవచ్చు. దానికి విరుగుడు ఫ్యూజు పెంచడం కాదు, ఒక్కో ఫ్యూజు కింద సెట్లు తగ్గించడం. అప్పుడు ఎక్కడైనా ఒకటి పోతే మేడంతా చీకటి కాదు, ఒక నాలుగో వంతు మాత్రం ఆరుతుంది. ఏ ముక్కలో తప్పుందో వెతుక్కోవడమూ తేలిక.

అమెరికాలో దీపావళికి ఇంటి ముందు తోరణాలు కట్టే మనవాళ్లకు ఈ ఏర్పాటు కొత్త కాదు. అక్కడి సెట్టు ప్లగ్గులోనే చిన్న తలుపు వెనక గాజు ఫ్యూజు ఉంటుంది. వరసగా ఎన్ని సెట్లకు మించి కలపకూడదో సెట్టు మీదే రాసి ఉంటుంది. బ్రిటన్‌లో ప్లగ్గులోనే ఫ్యూజు ఉంటుంది, ఇలాంటి సన్న తీగలకు 3 ఆంపియర్లది వేస్తారు. సన్న తీగ ఎక్కడ మొదలవుతుందో దాని కాపలా కూడా అక్కడే మొదలవ్వాలన్నది ఆ రెండు దేశాల ఏర్పాట్లలోని సూత్రం. మన బజారులో దొరికే టూ పిన్ సెట్లలో మామూలుగా ఆ ఫ్యూజు ఉండదు. కాబట్టి దాన్ని మనమే పెట్టుకోవాలి.

అదే మేడ, వేరే కట్టుబడి

మొదటి మార్పుకు పెద్ద ఖర్చు లేదు: కొస నుంచి కాకుండా మధ్య నుంచి ఎక్కించడం. ఫంక్షన్ హాళ్లకు పోర్టికో, దాని పక్కనే మెయిన్ బోర్డు, చాలావరకు మధ్యలోనే ఉంటాయి. అక్కడి నుంచి అటు 30 మీటర్లు, ఇటు 30 మీటర్లు విడదీస్తే ఒక్కో వైపు కరెంటు సగం, పొడవు సగం. రెండు సగాలు కలిసి వోల్టేజి నష్టం నాలుగో వంతుకు దిగుతుంది: 23 వోల్టులకు బదులు 6 లోపే. 3 శాతం హద్దులోకి వచ్చేశాం. ఫ్యూజు చూపు కూడా మెరుగవుతుంది. 30 మీటర్ల తీగకు 5.4 ఓములే కాబట్టి చివర షార్టుకు 43 ఆంపియర్లు పారతాయి. ఒక్కో వైపు లోడు 2.1 ఆంపియర్లే కాబట్టి 3 ఆంపియర్ల సీ టైపు ఎంసీబీ సరిపోతుంది. దానికి పది రెట్లు 30, మనకు 43 ఉంది. ఇప్పుడు చివరి మీటరులో తీగలు తగులుకున్నా ఎంసీబీ రెప్పపాటులో పడుతుంది. అదే తీగ, అవే దీపాలు. కరెంటు ఎక్కే చోటు, బోర్డులో ఎంసీబీ మాత్రమే మారాయి.

మధ్యలో బోర్డు లేని చోట, లేదా ఏటా కట్టే మేడకు, రెండో పద్ధతి మేలు. పిట్టగోడ పొడవునా 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరును వెన్నెముకగా పరచాలి. 60 మీటర్లకు దాని రానుపోను నిరోధం 1.6 ఓములే. ఒక కొస నుంచి ఎక్కించినా వోల్టేజి నష్టం మూడున్నర వోల్టులు. దాని చివర షార్టుకు 144 ఆంపియర్లు పారతాయి గనక 6 ఆంపియర్ల ఎంసీబీ నిక్కచ్చిగా పడుతుంది, 10 ఆంపియర్లది కూడా పడుతుంది. 16 మాత్రం వద్దు, దానికి పది రెట్లంటే 160. ఈ వెన్నెముక నుంచి పదిహేను మీటర్లకొక చోట పెట్టెలో ఒక్కో గాజు ఫ్యూజు, 2 ఆంపియర్లది పెట్టి, దాని తర్వాతే సన్న తీగతో పదిహేను సెట్ల గుంపును కలపాలి. ఆ గుంపు లోడు ఒక ఆంపియరు చిల్లర. సన్న తీగ ఏడెనిమిది మీటర్లకు మించి పోదు గనక దాని నిరోధమూ తక్కువే. ఏ మూల షార్ట్ అయినా ఆ గుంపు ఫ్యూజు పోతుంది, మిగతా మూడు గుంపులూ వెలుగుతూనే ఉంటాయి. వైరు ఒక్కసారి కొంటే విప్పి చుట్టి దాచుకుని వచ్చే ఏడు మళ్లీ వాడుకోవచ్చు. ప్రతి ఏడూ కొత్తగా కొనే సన్న తీగతో పోలిస్తే అది ఖర్చు కూడా కాదు.

రాతి నేల చెప్పే పాఠం

ఇంతవరకూ చెప్పింది తీగకు తీగ తగిలినప్పటి మాట. ఫేజు తీగ తడిసిన ఇనుప గ్రిల్లుకో, మండపం పైపుకో తగిలితే కరెంటు నేల దారి పట్టాలి. భువనగిరి ఏకశిల గుట్ట కింద ఉన్న ఊరు. చుట్టుపక్కల చాలాచోట్ల కొద్ది అడుగులు తవ్వితే రాయి తగులుతుంది. అలాంటి ఎండిన రాతి నేలలో ఎర్తింగు గుంత నిరోధం ఎక్కువగానే ఉంటుంది. అది 20 ఓములు ఉందనుకుంటే గ్రిల్లుకు తగిలిన ఫేజు నుంచి నేలలోకి పారేది 11 ఆంపియర్ల చిల్లర. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు, గ్రిల్లు మాత్రం కరెంటుతోనే ఉంటుంది. ఇక్కడా అదే సూత్రం: దారిలో ఓములు ఎక్కువైతే ఫ్యూజు గుడ్డిది. ఈ చోట పని చేసేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా పట్టుకుని పడుతుంది గనక దానికి పెద్ద కరెంటు అక్కర్లేదు. వినాయక చవితి వానల్లోనే వస్తుంది కాబట్టి తోరణాల లైనుకు ఇది తప్పనిసరి అనుకోవాలి. అయితే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య షార్ట్ అయితే ఆర్‌సీసీబీకి తేడా కనపడదు. అందుకే చిన్న ఫ్యూజుకు బదులు ఆర్‌సీసీబీ చాలదు, ఆర్‌సీసీబీకి బదులు ఫ్యూజూ చాలదు.

ఇక లైటింగు కట్టినవారిని అడగాల్సింది ఒక్క లెక్క, అదీ వాళ్ల పరికరాలతోనే తేలేది. అన్నీ వెలిగించి మొదట్లో ఆంపియర్లు, మొదట్లోనూ చివరలోనూ వోల్టులు కొలిపించండి. ఈ పని ఎలక్ట్రీషియన్‌దే. లోడు పొడవునా పరుచుకుని ఉంటే, రెండు వోల్టేజిల తేడాను రెట్టింపు చేసి ఆంపియర్లతో భాగిస్తే ఆ తోరణం ఓములు వస్తాయి. 230ని ఆ ఓములతో భాగిస్తే చివర షార్టుకు ఎంత పారుతుందో తెలుస్తుంది. అది ఎంసీబీ మీది అంకెకు పది రెట్లు ఉంటే ఆ తోరణాన్ని నమ్మవచ్చు. లేకపోతే చివరి దీపం ఎంత ధగధగలాడినా మధ్యకు మార్చమనండి, లేదా లావు వైరు వేసి గుంపులుగా విడదీయమనండి. కొలవనివారు ‘ఏం కాదు’ అంటే అది అలవాటు చెప్పిన మాట, మీటరు చెప్పింది కాదు.